తాళాలు ముందు, తాకట్టు తర్వాత: పర్లాకిమిడిలో ఒక పాత సీరియల్ రీరన్ కేస్ స్టడీ

ఒడిశా సరిహద్దు పట్టణాల్లోని లోకల్ కేబుల్ ఛానళ్లకు ఎఫ్‌పీసీ తయారు చేయడం నా పని. ఎఫ్‌పీసీ అంటే వారంలో ఏ రోజు, ఏ టైముకి, ఏ ప్రోగ్రాం వేయాలో రాసుకునే పట్టిక. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. శాటిలైట్ ఛానళ్లు ఎన్ని వచ్చినా, సాయంత్రం లోకల్ ఛానల్లో పాత తెలుగు సీరియల్ వేస్తే కూర్చుని చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. 2018లో పర్లాకిమిడిలో ఒక నెట్‌వర్క్ అలాగే ఒక పాత సీరియల్ హక్కులు కొని మళ్లీ వేసింది. ఆ రీరన్ మధ్యలో నన్ను పిలిచారు. అప్పుడు జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఎపిసోడ్ల వరుస మారితే చూసేవాళ్లకి కథ ఎలా గుర్తుండిపోతుందో ఇంత స్పష్టంగా బయటపడిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు.

సీరియల్ పేరు, అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. కథ మాత్రం కొంచెం చెప్పాలి. ఒక ఉమ్మడి కుటుంబం. మావగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. మొదట్లో వారానికి ఒకసారి అరగంట స్లాట్‌లో వచ్చింది. మొత్తం 104 ఎపిసోడ్లు, అంటే రెండేళ్ల పాటు నడిచింది. చాలా ఎపిసోడ్లు ఏ రోజుకారోజు అయిపోయే చిన్న కథలు: అద్దెకొచ్చినవాడు బాకీ ఎగ్గొట్టడం, పెళ్లిచూపుల్లో తికమక, మావగారి కళ్లజోడు పోవడం. వాటి కింద ఒక సన్నని దారంలా పెద్దకోడలి గొలుసు కథ ఉంటుంది. 9వ ఎపిసోడ్‌లో మావగారికి జబ్బు చేస్తుంది. ఆసుపత్రి ఖర్చుకి పెద్దకోడలు ఎవరికీ తెలియకుండా తన గొలుసు తాకట్టు పెడుతుంది. ఆ సంగతి మనకే తెలుసు, ఇంట్లో ఎవరికీ తెలియదు. 31లో గొలుసు ఏదని గొడవ మొదలవుతుంది. ఆవిడ ఏదో చెప్పి తప్పించుకుంటుంది. 33లో ఇంటి ఖర్చుల లెక్క చూపించమని నిలదీస్తుంది. లోపల ఆవిడ తాకట్టు వడ్డీ కట్టుకుంటోంది, అందుకే ఆ నిలదీత. 58లో నిజం అందరికీ తెలుస్తుంది. చివరికి 104లో మావగారు ఇంటి తాళాలు ఆవిడ చేతిలో పెడతారు.

రీరన్ సోమవారం నుంచి శనివారం దాకా, రాత్రి ఎనిమిదింటికి. వారానికి ఆరు చొప్పున వేస్తే రెండేళ్ల సీరియల్ నాలుగు నెలల్లో అయిపోతుంది. అమెరికన్ టీవీలో ఈ పద్ధతిని స్ట్రిప్పింగ్ అంటారు. వారం వారం వచ్చిన సీరియల్‌ను రోజూ ఒకే టైముకి పరిచేయడం అన్నమాట. అక్కడ సిండికేషన్‌కి, అంటే పాత సీరియళ్లను లోకల్ స్టేషన్లకి అమ్మడానికి, 100 ఎపిసోడ్లు ఉంటే మంచిదని ఒక లెక్క ఏర్పడటానికి కారణం కూడా ఇదే. అన్ని ఉంటేనే రోజూ వేసినా కొన్ని నెలలు వస్తుంది.

ఫోన్ కాల్స్‌లో బయటపడిన సంగతి

నెట్‌వర్క్ వాళ్లు శనివారం రాత్రి సీరియల్ అయ్యాక లైవ్ ఫోన్-ఇన్ పెట్టేవారు. ఒక ప్రశ్న, సరిగ్గా చెప్పినవాళ్లకి చిన్న బహుమతి. సెప్టెంబర్ చివరి వారాల్లో ఒక శనివారం ప్రశ్న ఇది: పెద్దకోడలి గొలుసు ఏమైంది? ముందు రోజే 58వ ఎపిసోడ్ వచ్చింది. అందులో నిజం బయటపడుతుంది కాబట్టి ఇది చాలా తేలికైన ప్రశ్న అని యాంకర్ అనుకున్నాడు.

కాల్స్ చాలా వచ్చాయి, సరైన జవాబు మాత్రం చివరి దాకా దొరకలేదు. పుట్టింటికి పంపేసిందన్నారు కొందరు. బీరువాలో దాచి పోయిందని నాటకం ఆడుతోందన్నారు ఇంకొందరు. ఒకావిడ అయితే "తాకట్టు పెట్టానని ఆవిడ చెప్పుకుంటోంది గానీ అది నిజం కాదు బాబూ" అంది. అంటే 58 చూసింది. అందులోని మాటలన్నీ గుర్తున్నాయి. వాటిని నమ్మలేదు, అంతే.

చివర్లో వచ్చిన ఒక పెద్దావిడ కాల్ నెట్‌వర్క్ యజమానిని ఆలోచనలో పడేసింది. "ఏటి నాయనా, మావగారి ఆసుపత్రి ఖర్చుకి కాదేటి ఆ గొలుసు పెట్టింది? అది మీరు ఎయ్యనే లేదు, ఎయ్యకుండా అడిగితే పిల్లలకి ఎలా తెలుస్తాది?" ఆవిడ ఆ సీరియల్‌ను మొదటిసారి వచ్చినప్పుడే చూసింది.

మర్నాడు యజమాని నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఎపిసోడ్ ఏదో మిస్సయినట్టుంది, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. ఒక ఎపిసోడ్ పోతే ఇంతమంది ఒకేలా పొరబడరు. వేర్వేరు ఇళ్లలో కూర్చున్నవాళ్లు ఒకేవైపు తప్పు చెప్పారంటే అది మతిమరుపు కాదు, వాళ్లకి చూపించిన వరుసే అలా ఉంది అని నాకు అనిపించింది. అందుకే వెళ్లగానే టేపులూ ఫైళ్లూ కాకుండా ప్లేఅవుట్ లాగ్ అడిగాను. ఏ సెకనుకి ఏ ఫైలు గాల్లోకి వెళ్లిందో సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకునే చిట్టా అది. ఎఫ్‌పీసీలో మనం వేయాలనుకున్నది ఉంటుంది. లాగ్‌లో నిజంగా వేసింది ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టకుండా ఇలాంటి సమస్యలో ఏమీ తేలదు.

లాగ్ మొదటి వారాలు ఇలా ఉన్నాయి:

```
EP1.mpg
EP10.mpg
EP100.mpg
EP101.mpg
EP102.mpg
EP103.mpg
EP104.mpg
EP11.mpg
EP12.mpg
```

సప్లయర్ ఇచ్చిన హార్డ్ డిస్క్‌లో ఫైళ్లకి ముందు సున్నాలు పెట్టలేదు. ప్లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌కి ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి ఇస్తే అది పేర్లను అంకెలుగా కాకుండా అక్షరాలుగా పోల్చుకుంటూ పేర్చింది. అక్షరాల లెక్కలో 10 అనేది 2 కంటే ముందు వస్తుంది, 100 కూడా అంతే. విండోస్ ఫోల్డర్‌లో తెరిచి చూస్తే మాత్రం వరుస చక్కగా 1, 2, 3 అనే కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్స్‌పీ కాలం నుంచీ ఆ ఫోల్డర్ విండో అంకెలను అంకెలుగానే చూస్తుంది. కాబట్టి డిస్క్ అందుకున్న ఆపరేటర్ చూసినప్పుడు అంతా సరిగానే ఉంది.

మధ్యలో ఒకసారి సరిచూసుకున్నామని కూడా ఆపరేటర్ చెప్పాడు. ఆ మాట నిజమే. 104 ఫైళ్లను అక్షరాల వరుసలో పేరిస్తే 2వ ఎపిసోడ్ 17వ రోజున, 3వ ఎపిసోడ్ 28వ రోజున, 4వ ఎపిసోడ్ 39వ రోజున వస్తాయి. ఆ వెంటనే 40వ రోజున 40, 41వ రోజున 41, అలా 49 దాకా అంకెలు అచ్చంగా కలిసిపోతాయి. ఆ పది రోజుల్లో ఎవరు చూసినా ఇవాళ 45వ రోజు, నడుస్తున్నది 45వ ఎపిసోడ్ అని తృప్తి పడతారు. 50వ రోజున 5వ ఎపిసోడ్ వచ్చి మళ్లీ జారిపోతుంది. మధ్యలో ఒక్కచోట చూసి వదిలేసే తనిఖీకి ఇది దొరకదు. కనీసం మూడు చోట్ల చూడాలి, అందులో ఒకటి రెండో రోజు కావాలి. రెండో రోజు 10 వస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

వరుస ఒకటి కాదు

ఫైళ్ల పేర్లు సరిచేస్తే పని అయిపోతుందని యజమాని అనుకున్నాడు. కానీ ఆ అంకెలు దేని అంకెలో ముందు తేల్చుకోవాలి. ఏ సీరియల్‌కైనా షూటింగ్ వరుస ఒకటి, మొదటిసారి ప్రసారమైన వరుస ఒకటి ఉంటాయి. నటుల డేట్లు, పండగ స్పెషళ్లు, క్రికెట్ మ్యాచ్‌లు, ఛానల్ వాళ్ల ఇష్టాయిష్టాలు ఈ రెంటినీ విడదీస్తాయి. 1966లో స్టార్ ట్రెక్ మొదలైనప్పుడు ఛానల్ ముందుగా వేసిన కథ మొదట తీసింది కాదు. ఛానల్‌కి చూపించడానికి ముందుగా తీసే నమూనా ఎపిసోడ్‌ని పైలట్ అంటారు. సిరీస్ అమ్ముడుపోవడానికి కారణమైన రెండో పైలట్ మూడో వారంలో వచ్చింది. 2002లో ఫైర్‌ఫ్లై సిరీస్‌ని ఫాక్స్ ఛానల్ రెండో కథతో మొదలుపెట్టి, పాత్రలందరినీ పరిచయం చేసే పైలట్‌ని డిసెంబర్‌లో అన్నిటికంటే చివర వేసింది. ఎవరెవరో తెలియకుండానే జనం ఆ కథలు చూశారు. మరుసటి ఏడు డీవీడీలు వచ్చాకే అది అనుకున్న వరుసలో జనానికి అందింది. ఫిల్మ్ ప్రింట్ల కాలంలో అమెరికన్ లోకల్ స్టేషన్లు ఒకదానికొకటి ప్రింట్లు పార్సిల్ చేసుకునేవి. ఆ రోజుల్లో ఏ పెట్టె ముందొస్తే ఆ కథ ముందు వేయడం కూడా మామూలే.

మన దగ్గర రామాయణం ఇంకో రకమైన ఉదాహరణ. 1987 జనవరిలో మొదలై 1988 జూలై చివరలో ముగిసింది. ఉత్తర కథ మళ్లీ రావడానికి మధ్యలో నెలలు గడిచాయి. అది కావాలని జనం గట్టిగా అడిగాక గానీ రాలేదు. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ రీరన్ చేసినప్పుడు రోజుకి రెండు పూటలా వేసి, ఏప్రిల్ 18న పట్టాభిషేకం దాకా ముగించి, 19 నుంచే ఉత్తర రామాయణం మొదలుపెట్టింది. అక్కడ వరుస ఏమీ మారలేదు. మధ్యలోని ఖాళీ మాత్రం పోయింది. 1988లో పెద్దవాళ్లకి పట్టాభిషేకం ఒక ముగింపు, 2020లో పిల్లలకి అది మధ్యలో వచ్చే ఒక ఘట్టం.

మా సీరియల్‌కి వస్తే, ఫైలు అంకె షూటింగ్‌దా ప్రసారానిదా అని తెలుసుకోవడానికి పాత టేపుల్లో అయితే స్లేట్ ఉంటుంది. కలర్ బార్స్ తర్వాత, కౌంట్‌డౌన్‌కి ముందు, సీరియల్ పేరు, ఎపిసోడ్ నంబర్, తేదీ, నిడివి రాసి ఉండే బోర్డు. టేపు నుంచి ఫైలుగా మార్చేటప్పుడు చాలామంది ఆ ముక్క కోసేస్తారు. ఇక్కడా అదే జరిగింది. కాబట్టి తెర మీద దొరికే ఆధారాలతో సరిచూశాం. టైటిల్స్ ఎప్పుడు మారాయి, గోడ మీది క్యాలెండర్ ఏ నెల చూపిస్తోంది, చిన్నకోడలు ఇంట్లోకి వచ్చిందా లేదా అని చూసుకుంటూ పోయాం. ఒక సంక్రాంతి స్పెషల్ తప్ప మిగతావన్నీ ప్రసార వరుసలోనే ఉన్నాయని తేలింది.

అమృతం లాంటి సీరియల్ అయితే చూసేవాళ్లకే ఇలాంటి తేడా వెంటనే తెలిసిపోతుంది. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన ఆ సీరియల్‌లో అమృతరావు పాత్రని ముందు శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ చేశారు. కలిపేసి వేస్తే మొహం మారిపోతుంది, అదేంటి అని ఎవరైనా అడుగుతారు. మా సీరియల్‌లో అవే మొహాలు, అదే సెట్టు, ఇంచుమించు అవే చీరలు. వరుస తప్పిందని చెప్పే గుర్తు తెర మీద ఎక్కడా లేదు. అలాంటప్పుడు చూసేవాళ్లు తప్పు జరిగిందని అనుకోరు. చూసిన ముక్కల్ని వాళ్లే ఒక అర్థమయ్యే కథగా కుట్టుకుంటారు.

కథ ఎలా తిరగబడింది

లాగ్ ప్రకారం పర్లాకిమిడి జనం చూసిన గొలుసు కథ ఇది. ఏడో రోజున మావగారు పెద్దకోడలికి తాళాలు ఇచ్చేశారు. ఎందుకిచ్చారో తెలియదు, ఎలాగూ పెద్ద కోడలు కదా అనుకున్నారు. ముప్పయ్యో రోజున గొలుసు గురించి గొడవ. 32వ రోజున లెక్కలు చూపించమని నిలదీత. అసలు వరుసలో ఇది అప్పుల్లో నలిగిపోతున్న ఆడమనిషి నోరు విప్పడం. ఇక్కడ మాత్రం తాళాలు చేతికొచ్చాక ఆవిడ అందరి మీదా పెత్తనం చేస్తున్నట్టు కనిపించింది. 59వ రోజున 58వ ఎపిసోడ్‌లో నిజం తెలుస్తుంది. అయితే అది మాటల్లో చెప్పే సన్నివేశం. 9వ ఎపిసోడ్‌లో ఆవిడ తాకట్టు కొట్టు ముందు నిలబడటం మనం చూశాం కాబట్టి రచయిత దాన్ని మళ్లీ చూపించలేదు. పర్లాకిమిడిలో ఆ 9వ ఎపిసోడ్ రావలసినది 94వ రోజున. కళ్లతో చూడనిది, పైగా స్వార్థపరురాలిగా ముద్రపడిన మనిషికి అనుకూలంగా వచ్చిన మాట. దాన్ని అబద్ధం అనుకోవడమే వాళ్ల దృష్టిలో తర్కం.

ఇక్కడ నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను. వరుస తప్పితే జనం కథ మర్చిపోతారన్నది సరైన వర్ణన కాదు. వాళ్లకి సన్నివేశాలన్నీ గుర్తున్నాయి, డైలాగులు కూడా అప్పజెప్పారు. మారినది మనిషి మీద తీర్పు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎవరి బుర్రలోనూ తేదీలతో నిలవదు. దీనివల్ల అది జరిగింది అన్న లింకుతోనే నిలుస్తుంది. ముందున్నదాన్ని వెనక్కి నెడితే ఆ లింకు తెగి, దగ్గర్లో దొరికిన ఇంకో కారణానికి అతుక్కుంటుంది.

దీనికి తోడు కోతలు. రీరన్‌లో ప్రకటనలకి చోటు కావాలని ప్రతి ఎపిసోడ్ నుంచీ ఒకటి రెండు నిమిషాలు తీసేస్తారు. మొదట పోయేది ఎప్పుడూ "జరిగిన కథ" ముక్కే. 31వ ఎపిసోడ్ మొదట్లో తాకట్టు కొట్టు షాట్ ఒకటి ఉంది. మూడు నాలుగు సెకన్లే. అది ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

మధ్యలో ఎలా సర్దాం

మొదటి నుంచీ మళ్లీ వేయడానికి వీల్లేదు. హక్కులు డిసెంబర్ దాకానే, స్పాన్సర్ కూడా ఒప్పుకోడు. అందుకని ఇంకా వేయనివి ఏవో లెక్క తీశాం. పాత ప్లేలిస్ట్ 64 దాకా వెళ్లేసరికి మిగిలినవి 7, 8, 9, ఆపైన 65 నుంచి 99 వరకు. 100 నుంచి 104 వరకు ఐదూ ముందే అయిపోయాయి.

ముందు మొత్తం 104కీ ఒక షీట్ తయారు చేశాం. ప్రతి ఎపిసోడ్‌కీ మొదటి మూడు నిమిషాలు, చివరి మూడు నిమిషాలు చూసి మూడు సంగతులు రాసుకోవడం. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏ రహస్యం తెలుసు, గొలుసు, తాళాల లాంటి వస్తువులు ఎవరి దగ్గర ఉన్నాయి. మొదట్లో ఉన్నదీ చివర్లో ఉన్నదీ ఒకటే అయితే అది విడి ఎపిసోడ్, ఎక్కడ వేసినా ఫర్వాలేదు. ఏదైనా మారితే అది మలుపు ఎపిసోడ్, దాని చోటు కదలకూడదు. అనుమానం వచ్చినవాటిని మాత్రం పూర్తిగా చూశాం. ముప్పై దాకా మలుపులు తేలాయి, మిగతావన్నీ విడివి. ఈ పని చేయకముందు అన్నీ ముఖ్యమే అనిపిస్తుంది. చేశాక ఎక్కడ పట్టుదలగా ఉండాలో, ఎక్కడ వదిలేయవచ్చో కనిపిస్తుంది.

7, 8, 9 మూడూ ఖాళీగా ఉన్న ఆదివారం స్లాట్‌లో వరసగా వేశాం. తెర మీద అక్షరాలు వేస్తే సరిపోతుందని యజమాని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదువు ఒడియాలో, ఇంగ్లీషులో. తెలుగు కార్డు వాళ్లకి బొమ్మ లాంటిదే. అందుకే యాంకర్ గొంతుతో చెప్పించాం: "ఈ మూడు కథలూ గొలుసు గొడవ కంటే ముందు జరిగినవి. మావగారి ఒంట్లో బాగోలేనప్పటి సంగతి." మూడు ఎపిసోడ్లకీ ముందు విడివిడిగా అదే చెప్పించాం. మధ్యలో టీవీ పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సోమవారం నుంచి 65, ఆపైన వరసగా. 99 అయ్యాక 100 నుంచి 104 మళ్లీ వేయడానికి సప్లయర్ దగ్గర రెండో ప్రసారానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. ఒప్పందంలో ఎన్నిసార్లు వేయవచ్చో రాసి ఉంటుంది, అడగకుండా వేస్తే తర్వాత పేచీ.

తిత్లీ

ఈ వరుస రెండో వారంలో ఉండగా, అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా బాగా దెబ్బతింది. కొండలు విరిగిపడి జనం పోయారు. కరెంటు స్తంభాలు వరసగా కూలిపోయాయి. సీరియల్ గురించి ఆలోచించే సమయం కాదు అది. ఛానల్‌లో సహాయ శిబిరాలు, రోడ్లు, మంచినీళ్ల సమాచారం మాత్రమే నడిచింది.

కానీ కరెంటు తిరిగి వస్తున్నప్పుడు ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. టౌన్‌లో ముందు వచ్చింది, చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఆలస్యమైంది. కంట్రోల్ రూమ్ జనరేటర్ మీద నడుస్తూనే ఉంటుంది, ప్లేలిస్ట్ దానంతటది తిరుగుతూనే ఉంటుంది. మనం ఆపకపోతే 74వ ఎపిసోడ్ నుంచి అన్నీ ఖాళీ ఇళ్లకి వెళ్లిపోతాయి. లాగ్ చూస్తే అన్నీ వేసినట్టే ఉంటుంది, చూసినవాళ్లు మాత్రం ఉండరు. ప్రసారమైన వరుస వేరు, ఒక ఊరు చూసిన వరుస వేరు అని నాకు అంత బాగా తెలిసింది అప్పుడే. 76లో చిన్నకొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. టౌన్ వాళ్లు చూసి ఊళ్లవాళ్లు చూడకపోతే, ఒకే కుటుంబంలో అక్కాచెల్లెళ్లకి రెండు వేర్వేరు సీరియళ్లు మిగులుతాయి.

షీట్ ఇక్కడ అక్కరకొచ్చింది. స్లాట్ ఖాళీగా ఉంచితే స్పాన్సర్ పోతాడు. అందుకని 74 దగ్గర కథ ఆపి, ముందే వచ్చేసిన 11 నుంచి 30 లోపు విడి ఎపిసోడ్లు ఏరి, కరెంటు ఉన్నవాళ్ల కోసం అవే మళ్లీ వేశాం. వీటికి కూడా ఆ రెండో ప్రసారం అనుమతే వాడుకున్నాం. నెట్‌వర్క్ లైన్‌మెన్ ఎక్కడెక్కడ కరెంటు వచ్చిందో రోజూ ఫోన్‌లో చెబుతుండేవారు. చాలా ఊళ్లు తిరిగి వెలిగాక, ఒక రోజు ముందు నుంచి ప్రకటించి, 74 మొదలుపెట్టాం. మారుమూల కొండ ఊళ్లు కొన్ని అప్పటికీ చీకట్లోనే ఉన్నాయి. వాళ్ల కోసం ఇంకా ఆగితే హక్కుల గడువు దాటిపోయేది.

జనానికి చివరికి ఏం మిగిలింది

104 రెండోసారి వేసిన శనివారం ఫోన్-ఇన్‌లో అదే గొలుసు ప్రశ్న మళ్లీ అడిగించాను. ఫోన్ చేసేవాళ్లు ఊరంతటికీ ప్రతినిధులు కారు, బహుమతి కోసం చేసేవాళ్లే ఎక్కువ. కాబట్టి దీన్ని కొలతగా చెప్పను, విన్నది చెబుతున్నాను.

వాస్తవం మారింది. ఎక్కువమంది తాకట్టు పెట్టింది అని సరిగ్గా చెప్పారు. తీర్పు మాత్రం అంతగా మారలేదు. యాంకర్ చేత ఇంకో ప్రశ్న కలిపి అడిగించాను: ఆవిడ ఎలాంటి మనిషి? మొదటిసారి ప్రసారంలో చూసినవాళ్లు ఇల్లు నిలబెట్టిన మనిషి అన్నారు. ఈ రీరన్‌లోనే మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది "మంచిదే గానీ పెత్తనం ఎక్కువ" అన్నారు. గొలుసు కథ నిజమని ఒప్పుకుంటూనే ఆ మాట అన్నారు. అంతకుముందు అది నిజం కాదన్నావిడ కూడా మళ్లీ చేసింది. "పెట్టింది సరే బాబూ, కానీ తాళాలొచ్చాక ఆ మాట తీరు చూశారా?" తాళాలు వచ్చింది ఆ మాటల తర్వాత అని యాంకర్ చెప్పాడు. ఆవిడ విని, "అవునేమో" అని ఊరుకుంది. ఒప్పుకున్నట్టు నాకైతే అనిపించలేదు.

తర్వాత వేసిన ఎపిసోడ్ సమాచారాన్ని దిద్దింది. నలభై యాభై రోజులు రోజూ చూసి ఏర్పడిన అభిప్రాయాన్ని ఒక ఆదివారం గంటన్నర కదిలించలేకపోయింది. రోజూ వేసే పద్ధతిలో ఇది ఇంకా గట్టిపడుతుందని నా అనుమానం. వారానికొకసారి అయితే మధ్యలో ఆరు రోజులు ఇంట్లో మాట్లాడుకుంటారు, పాతది చూసినవాళ్లు కొత్తవాళ్లకి చెబుతారు. రోజూ వస్తుంటే నిన్నటి తీర్పు చల్లారకముందే ఇవాళ్టి ఎపిసోడ్ దాని మీద కూర్చుంటుంది.

అదే హార్డ్ డిస్క్ ఆ తర్వాత రాయగడలో ఇంకో నెట్‌వర్క్‌కి వెళ్లింది. ఈసారి ఫైళ్లు EP001 నుంచి EP104 దాకా మూడంకెల పేర్లతో, షీట్‌తో కలిపి ఇచ్చాను. షీట్‌లో మలుపు ఎపిసోడ్లన్నీ ఎర్ర రంగులో ఉన్నాయి. 31వ ఎపిసోడ్ పక్కన ఒక గమనిక కూడా రాశాను: మొదటి నలభై సెకన్లు కోయవద్దు. నిమిషాలు తగ్గించాలంటే అదే ఎపిసోడ్ మధ్యలో అద్దెకున్నవాడి పాట ఉంది, అది తీసేయండి.